పరీక్ష మాత్రమే, అసలు లెక్క కాదు: రోజువారీ వడ్ల కొనుగోలు రిపోర్ట్ (15-10-2025, బుధవారం)

సెంటర్ ఇన్‌ఛార్జీలకు, మిర్యాలగూడ మిల్లుల గుమాస్తాలకు, లారీల కాంట్రాక్టర్ గారికి, హమాలీ మేస్త్రీలకు నమస్కారం.

ఇది పరీక్ష మెయిల్. సాయంత్రం 7 గంటలకు నల్లగొండ ఆఫీసు కంప్యూటర్ నుంచి తనంతట తానే వచ్చింది. జతచేసిన షీటులో ఏ బస్తా నిజం కాదు, ఏ సెంటరూ నిజం కాదు. మన సెంటర్లు ఇంకా తెరవలేదు, ఎక్కడా కాంటా పడలేదు. దీన్ని చూసి లారీ పెట్టవద్దు, హమాలీలను పిలవవద్దు, మిల్లులో దిగుమతికి జాగా ఆపవద్దు, రైతుకు ఫోన్ చేసి ఏమీ చెప్పవద్దు.

ఇట్లాంటి పరీక్ష మెయిల్ రేపు గురువారం, ఎల్లుండి శుక్రవారం కూడా రాత్రి 7కే వస్తుంది. శనివారం నుంచి సోమవారం దాకా ఏదీ రాదు. అసలు రిపోర్ట్ దీపావళి తెల్లారి, 21వ తేదీ మంగళవారం మొదలు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో చెప్పాలె. కొన్నేళ్ల కింద ఒక యాసంగిలో నేను వేరే చోట పనిచేస్తుండగా, ఇట్లనే రిపోర్ట్ సరిగ్గా వెళ్తుందా లేదా చూద్దామని ముందటి ఏడాది అంకెలే వేసి పంపినం. మెయిల్ మీద ‘ట్రయల్’ అని ఒక్క మాట ఉండె. ఎవరో లోపలి షీటును మాత్రం ఫోటో తీసి గ్రూపులో వేసిండ్రు. పైన ఉన్న ఆ మాట ఫోటోలో రాలేదు. పొద్దుగూకే సరికి నాలుగు లారీలు ఖాళీ కల్లం ముందు నిలబడ్డాయి. బస్తాలు నిండి ఉన్న సెంటర్‌కు ఒక్క బండీ పోలేదు. ఆ రాత్రి వాన కొట్టింది. నాలుగో రోజు పొద్దున పోయి చూస్తే కింది వరుస సంచుల అడుగున తెల్లటి మొలకలు వచ్చినయి. ఒక పెద్దాయన తడిసిన వడ్లను దోసిలితో తీసి టార్పాలిన్ మీద పరుస్తున్నడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ తప్పులో నా చెయ్యి ఉంది, అది నేను మర్చిపోను.

అందుకే ఈసారి పరీక్ష అనే మాట ఒక్కచోట కాదు, ఎక్కడ కత్తిరించినా కనిపించేటట్టు పెట్టిన. మెయిల్ పేరులో అదే మొదటి మాట, ఎందుకంటే ఫోన్‌లో వరుస మొదలు మాత్రమే కనిపిస్తుంది. ఫైల్ పేరు `TEST_vadlu_2025-10-15.pdf`. ప్రతి పేజీకి అడ్డంగా ఎర్రటి గీత మీద ఉంది. ప్రతి వరుస ముందట ఉంది, మొత్తం చూపే వరుసలో కూడా ఉంది. ఒక్క వరుసను ఫోటో తీసినా మాట దానితో పాటే పోతుంది.

అంకెల సంగతి. సున్నాలు వేస్తే అయిపోతుంది కదా అని మన ఆఫీసులోనే అడిగిండ్రు. సున్నా నిజమైన అంకె. వాన పడ్డ రోజు, గన్నీ సంచులు రాని రోజు సెంటర్లో కొనుగోలు సున్నానే ఉంటది. అది చూసి ‘ఈరోజు అక్కడ బండి అక్కరలేదు’ అని ఎవరైనా అనుకుంటే తప్పు కాదు. పాత ఏడాది అంకెలు వేస్తే తిప్పర్తి వాళ్లకు తిప్పర్తి లెక్కలాగే కనిపిస్తది. అందుకే ఏ సెంటర్లోనూ ఒక్క రోజులో పడని అంకె పెట్టిన, 11,111 బస్తాలు. బస్తాకు 40 కిలోల చొప్పున 4,444.40 క్వింటాళ్లు రావాలె, అట్లనే వచ్చిందో లేదో మీరూ చూసుకోవచ్చు. సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ విడిగా లెక్క కట్టాలె కాబట్టి దొడ్డు, సన్నం వేరువేరు వరుసల్లో ఉంటాయి. డబ్బు గడిలో మాత్రం అంకె పెట్టలేదు. ఏ గ్రేడ్ 2,389, సాధారణం 2,369 ధరల మీద లెక్క ఇక్కడ ఆఫీసులోనే సరి చూసుకున్నం. రూపాయల అంకె ఒకసారి బయటికి పోతే దాన్ని వెనక్కి తేలేము. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఇందులో లేవు.

మిల్లుల దగ్గర కంప్యూటర్ చూసే తమ్ముళ్లకు ఒక మాట. మొన్న నా ఒక్కడికే పంపుకున్న ట్రయల్ రాత్రి పన్నెండున్నరకు వచ్చింది. సర్వర్ గడియారం మన టైం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీలో నడుస్తున్నది. ఇప్పుడు ఇట్ల మార్చినం:

```
CRON_TZ=Asia/Kolkata
0 19 15-17 10 * /opt/vadlu/report.sh --mode TEST
```

ఈ వరుస శుక్రవారం తర్వాత ఈ ఏడాది మళ్లీ నడవదు. అసలు రిపోర్ట్‌కు వేరే వరుస ఉంది, అది 21 దాకా తెరవము.

మీ నుంచి నాకు కావాల్సింది కొంచెమే. మెయిల్ ఎన్ని గంటలకు వచ్చింది, ఒత్తులు, గుణింతాలు విరిగిపోకుండా కనిపిస్తున్నాయా, ఎర్ర గీత మీ ఫోన్‌లో చదవగలుగుతున్నారా, ఇవి చెప్పండి. కనగల్, నిడమనూరు సెంటర్లలో పాత ఫోన్లు వాడేవాళ్లు ఉన్నరు, వాళ్ల జవాబు నాకు ఎక్కువ ముఖ్యం. రేపు మధ్యాహ్నం లోపు ఈ మెయిల్‌కే జవాబు రాయండి, రాయడం వీలుకాకపోతే ఆఫీసుకు ఫోన్ చేయండి. మెయిల్ రాకపోయినా చెప్పండి, అది ఇంకా పెద్ద కబురు.

గ్రూపుల్లో మాత్రం వేయకండి. పొరపాటున పోతే వెంటనే తీసేసి, దాని కిందనే ‘అది పరీక్ష, అసలుది కాదు’ అని రాసి, నాకూ చెప్పండి. ఎవరినీ ఏమీ అనను.

21 నుంచి వచ్చేదానికి ‘వడ్ల రిపోర్ట్ 1’ అని వరుస నంబర్ ఉంటుంది, సెంటర్ల అసలు పేర్లు ఉంటాయి. అందులో ఎక్కడైనా ‘పరీక్ష’ అనే మాట కనిపిస్తే దాన్ని నమ్మకండి, ముందు నాకు ఫోన్ చేయండి. అప్పటికి మీ చేతిలో ఉన్న కాంటా రిజిస్టరే లెక్క.

కొనుగోలు లెక్కల విభాగం, నల్లగొండ

జతచేసిన షీటు:

పరీక్ష – అసలు లెక్క కాదు – పరీక్ష – అసలు లెక్క కాదు

పరీక్ష | పరీక్ష సెంటర్ 1 | దొడ్డు | 11,111 బస్తాలు | 4,444.40 క్వింటాళ్లు | రూపాయలు: పరీక్ష
పరీక్ష | పరీక్ష సెంటర్ 1 | సన్నం | 11,111 బస్తాలు | 4,444.40 క్వింటాళ్లు | రూపాయలు: పరీక్ష
పరీక్ష | పరీక్ష సెంటర్ 2 | దొడ్డు | 11,111 బస్తాలు | 4,444.40 క్వింటాళ్లు | రూపాయలు: పరీక్ష
పరీక్ష | మొత్తం | 33,333 బస్తాలు | 13,333.20 క్వింటాళ్లు | రూపాయలు: పరీక్ష

పరీక్ష – ఈ షీటు చూసి లారీ పంపవద్దు