ఇంటర్న్‌షిప్ నివేదిక, మూడో అధ్యాయం (సవరించిన ప్రతి): షెల్లర్ దగ్గర నూక ఎందుకు పెరిగింది?

మిర్యాలగూడ శివారులోని ఒక రైస్ మిల్లులో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థిగా చేసిన ఇంటర్న్‌షిప్‌లో గమనించిన విషయాల విశ్లేషణ ఇది. మొదటి ప్రతిలో ఈ అధ్యాయం తేదీల వారీగా ఉండేది. ఆ లాగ్‌బుక్‌ను అనుబంధంలోకి మార్చి, వడ్ల పొట్టు తీసే యంత్రమైన షెల్లర్ దగ్గర నూక ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు సంబంధించిన ఎంట్రీలను, చివర్లో ఎలివేటర్ ఆగిపోవడం గురించిన వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను.

3.1 ప్రశ్న

రోలర్లు మార్చిన రోజు లాగ్‌బుక్‌లో ఇలా ఉంది: "ఈరోజు షెల్లర్ దగ్గర పనిచేశాను. రబ్బర్ రోలర్లను అటుదిటు, ఇటుదటు ఎలా మారుస్తారో చూశాను. నూక ఎక్కువ వస్తోందని ఆపరేటర్ చెప్పారు." ఈ మూడింటిలో పరీక్షించదగింది చివరి వాక్యం. నూక నిజంగా పెరిగిందా? పెరిగితే ఏ యంత్రం దగ్గర, దేనివల్ల?

సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ రావడం ఇక్కడ అందరికీ తెలిసిందే. ఎండలకు గింజలో ముందే పగుళ్లు వస్తాయి. అందుకే యాసంగి పంటను ఉప్పుడు బియ్యం చేయడానికి మిల్లర్లు మొగ్గు చూపుతారు. నూక పెరిగితే నింద ముందు వడ్ల మీదికే పోతుంది. "వడ్లు మస్తు ఎండినయ్ తమ్మీ, నూక రాకేం చేస్తది" అని ఆపరేటర్ అన్నది కూడా ఆ అనుభవంతోనే. ఆ మాట తప్పని చెప్పలేం. అయితే ఒకే లాటులో నూక తగ్గడం, పెరగడం కనిపించినప్పుడు దానికి వడ్లు ఒక్కటే కారణం కాలేవు.

3.2 కొలతలు

రోలర్లను పరస్పరం మార్చడానికి ముందు, మార్చిన తర్వాత, ఒకే లాటు వడ్లు నడుస్తుండగా నమూనాలు తీశాను. ప్రతిసారీ 200 గ్రాముల చొప్పున మూడు నమూనాలు తీసి వాటి సగటు వేశాను.

| కొలత | మార్చక ముందు | మార్చిన తర్వాత |
|---|---|---|
| వడ్లలో తేమ | 12.8% | 13.1% |
| చేత్తో పొట్టు తీసిన 100 గింజల్లో పగిలినవి | 12 | 11 |
| షెల్లర్‌లో ఒక్క దఫాకు పొట్టు ఊడినవి | 84% | 86% |
| షెల్లర్ తర్వాత నూక | 9.5% | 6.0% |
| పాలిషర్ తర్వాత నూక | 17.5% | 14.1% |

తేమలో తేడా 0.3 శాతమే. యంత్రం తాకకముందు గింజల్లో ఉన్న పగుళ్లు కూడా దాదాపు సమానం. మిల్లు ల్యాబ్‌లో ఎవరూ చేయని పని ఇది, గోళ్లు నొప్పి పుట్టేదాకా వడ్లు ఒలవాల్సి వచ్చింది. కానీ వడ్లదా తప్పు, యంత్రందా అన్న వాదన తేల్చడానికి ఈ పట్టికలో అన్నిటికంటే పనికొచ్చిన వరుస అదే. వచ్చిన సరుకు రెండుసార్లూ ఒకటే, నూక మాత్రం మారింది.

పాలిషర్ తర్వాత నూకలోంచి షెల్లర్ తర్వాత నూకను తీసేస్తే ముందు 8.0, తర్వాత 8.1 వస్తుంది. ఈ రెండు శాతాలను వేర్వేరు బరువుల మీద లెక్కిస్తాం కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా పాలిషర్ వాటా కదల్లేదని, తేడా అంతా షెల్లర్ దగ్గరే పుట్టిందని చెప్పడానికి ఇది చాలు.

3.3 కారణం

షెల్లర్‌లో రెండు రబ్బర్ రోలర్లు ఎదురెదురుగా, వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. గింజ వాటి మధ్య ఇరుక్కున్నప్పుడు ఒక పక్క ముందుకు లాగుతుంది, ఇంకో పక్క వెనక్కి పడుతుంది. ఆ రాపిడికే పొట్టు ఊడుతుంది. అంటే పని చేసేది అంచు వేగాల తేడా. గింజను పట్టి ఉంచడానికి ఒత్తిడి కావాలి గానీ, అది మితిమీరితే గింజ విరుగుతుంది.

అంచు వేగం v = πDN/60. D మీటర్లలో రోలర్ వ్యాసం, N నిమిషానికి అది తిరిగే చుట్లు. ఇక్కడ వేగంగా తిరిగే రోలర్ 1050 ఆర్‌పీఎం, నెమ్మదిగా తిరిగేది 800. కొత్త రోలర్ల వ్యాసం 254 మి.మీ. మార్చే సమయానికి వెర్నియర్‌తో కొలిస్తే వేగపు రోలర్ 226, నెమ్మది రోలర్ 240 మి.మీ. ఉన్నాయి.

కొత్తవి ఉన్నప్పుడు: 13.96 − 10.64 = 3.32 మీ/సె
అరిగినప్పుడు: 12.42 − 10.05 = 2.37 మీ/సె
పరస్పరం మార్చాక: 13.19 − 9.47 = 3.72 మీ/సె

మోటార్, పుల్లీలు, ఆర్‌పీఎం ఏవీ మారలేదు. కేవలం రబ్బర్ అరగడం వల్లే వేగాల తేడా 29 శాతం పడిపోయింది. వేగపు రోలర్ రెండింతలు అరిగింది కాబట్టి నష్టం దాని వైపే ఎక్కువ. పొట్టు సరిగా ఊడకపోయేసరికి ఆపరేటర్ రోలర్లను దగ్గరికి నొక్కే హ్యాండ్‌వీల్ బిగిస్తారు, ఎందుకంటే ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే. ఊడే శాతం మళ్లీ 84కి వస్తుంది. రాపిడి చేయాల్సిన పనిని ఇప్పుడు ఒత్తిడి చేస్తుంది, గింజ విరుగుతుంది. పట్టికలో 84, 86 దగ్గరదగ్గరగా ఉండి నూక మాత్రం 9.5 నుంచి 6.0కి దిగడానికి ఇదే సరిపోయే వివరణ. మార్చాక ఆపరేటర్ హ్యాండ్‌వీల్‌ను వదులు చేశారని లాగ్‌బుక్‌లో ఉంది. ఎంత వదులు చేశారో కొలిచే సాధనం ఆ యంత్రానికి లేదు.

3.4 ఎప్పుడు మార్చాలి

మిల్లులో రోలర్లను "పొట్టు ఊడకపోతే" మారుస్తారు. అప్పటికే కొంతకాలం బిగించి నడిపి ఉంటారు కాబట్టి ఈ గుర్తు ఆలస్యంగా వస్తుంది. అరుగుదల నిష్పత్తి 2:1గానే సాగుతుందనుకుంటే, వేగపు రోలర్ 10 మి.మీ., నెమ్మదిది 5 మి.మీ. అరిగేసరికి వేగాల తేడా 10 శాతం తగ్గుతుంది. అంటే వేగపు రోలర్ 244 మి.మీ.కి దిగినప్పుడే రెండింటినీ పరస్పరం మార్చుకోవాలి. అప్పుడు మారిస్తే తేడా 3.47కి పెరుగుతుంది. దీనికి కావలసింది ఒక వెర్నియర్, షిఫ్ట్ మారేటప్పుడు రెండు నిమిషాలు, గోడ మీద ఒక రిజిస్టర్. కొత్త యంత్రం అక్కర్లేదు.

ప్రభుత్వ కస్టమ్ మిల్లింగ్ వడ్లకు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి. నూక పరిమితి దాటిన లాటును వెనక్కి పంపుతారు. అందుకే మేనేజర్ ఈ లెక్కను ఆసక్తిగా విన్నారు.

3.5 ఎలివేటర్ ఆగిపోవడం

లాగ్‌బుక్‌లో ఎక్కువ పేజీలు దీనికే పోయాయి, విశ్లేషణకు దొరికింది మాత్రం తక్కువ. వడ్లను బకెట్లతో పైకి ఎత్తే ఈ ఎలివేటర్ జామ్ అయిన 5 సందర్భాల్లో 4 కరెంటు పోయి వచ్చిన వెంటనే జరిగాయి. కరెంటు పోగానే నిండు బకెట్ల బరువుకు బెల్ట్ వెనక్కి తిరిగి వడ్లు కింది గుంతలో పడుతున్నాయి. ఆ కుప్ప మీదే మోటార్ స్టార్ట్ చేస్తున్నారు. వెనక్కి తిరగకుండా పట్టే బ్యాక్‌స్టాప్ ఆ ఎలివేటర్‌కు లేదు. అది బిగించేదాకా, స్టార్ట్ చేసే ముందు గుంత తలుపు తీసి ఖాళీ చేయాలని సూచించాను.

3.6 పరిమితులు

రోలర్ల వ్యాసాన్ని ఒక్కసారే కొలిచాను కాబట్టి 2:1 నిష్పత్తి మొత్తం కాలానికి వర్తిస్తుందన్నది ఊహే. ఒక షెల్లర్, ఒక లాటు, దొడ్డు రకం వడ్లు మాత్రమే చూశాను. సన్నాలకు ఇవే అంకెలు రావు. రోలర్లను మార్చిన తర్వాత కూడా 14.1 శాతం నూకలో 8.1 పాలిషర్ దగ్గరే పుడుతోంది. అంటే పెద్ద వాటా ఇంకా అక్కడే ఉంది. పాలిషర్ జల్లెడ ఖాళీని, గాలి ఒత్తిడిని నేను కొలవలేదు కాబట్టి దాని గురించి ఈ నివేదికలో ఏ సూచనా చేయడం లేదు.