నాన్న గుండె పుస్తకం: మే నెల

ఈ పుస్తకం టీవీ పక్కనే ఉండాలి. పెన్ను దారంతో కట్టాను. నేను ఊళ్లో లేని రోజుల్లో అమ్మ గానీ తమ్ముడు గానీ రాయాలి, ఒక్క రోజూ వదలొద్దు.

పొద్దున్నే బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, లుంగీ బనియన్‌తో బరువు చూడాలి. మెషిన్ గచ్చు మీదే పెట్టాలి, చాప మీద కాదు. తర్వాత అయిదు నిమిషాలు కూర్చోబెట్టి నాడి నిమిషం మొత్తం లెక్కపెట్టాలి. నాన్న నాడి మధ్యమధ్యలో తప్పుతుంది, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే సరిగ్గా రాదు. వాపుకి రెండు కాళ్లూ చూడాలి. చీలమండకు కాస్త పైన బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీసి, గుంట పడిందా, ఎక్కడిదాకా పడుతోందో రాయాలి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు బరువు 64.2 కిలోలు. అప్పటికి వాపు పూర్తిగా తగ్గింది కాబట్టి దీంతోనే పోల్చాలి.

డాక్టర్‌గారు నాన్నకి చెప్పిన లెక్క: ఒక్క రోజులో కిలో దాటినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అదే రోజు ఫోన్ చేయాలి. కూర్చున్నప్పుడు నాడి 50 కన్నా తగ్గినా, 110 దాటినా అంతే. వాపు పైకి పాకడం, పడుకుంటే దగ్గు, ఎక్కువ దిండ్లు కావాలనడం, లేస్తే కళ్లు తిరగడం కూడా చెప్పాలి. విరేచనాలై బరువు పడిపోయినా చెప్పాలి. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే అది వేరే సమస్య కావచ్చు, వెంటనే చూపించాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, గులాబీ రంగు నురగ కళ్లె: వీటికి 108. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో బిళ్లలు కొనొద్దు, కొన్నిటివల్ల ఒంట్లో నీరు నిలిచిపోతుంది.

మే 11: బరువు 64.3, నాడి 74, వాపు లేదు.

మే 12: 64.1, 76, వాపు లేదు. మధ్యాహ్నం పెళ్లి భోజనం, కొత్తావకాయ రెండుసార్లు వేయించుకున్నారట.

మే 13: 64.9, 80. సాయంత్రం సాక్సు తీస్తే గీత లోతుగా పడి ఉంది.

మే 14: 65.7, 88. రెండు కాళ్లకీ గుంట, ఇరవై లెక్కపెట్టినా పూడలేదు. రాత్రి మూడో దిండు అడిగారు. "పెళ్లి భోజనం ఒంటబట్టిందమ్మా" అంటున్నారు. రెండు రోజుల్లో 1.6 కిలోలు కండ రాదు నాన్నా, అది నీరు. డాక్టర్ చెప్పిన అంకె ఇంకా దాటలేదు గానీ వాపూ దిండూ కలిశాయి, అందుకే ఆగలేదు. తొమ్మిదింటికి ఫోన్ చేశాను. నీరు తీసే బిళ్ల మూడు రోజులు రెట్టింపు చేశారు. 17న పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు.

మే 15: 65.1, 82. గుంట తగ్గింది. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచారు.

మే 16: 64.5, 76. ఎడమ కాలికి కొంచెమే ఉంది. రెండు దిండ్లతోనే నిద్రపోయారు.