తడి తగలకూడదు (60 సెకన్ల స్కెచ్)

నిలువు ఫ్రేమ్. రాజమండ్రిలో ఓ ఇంటి వసారా, మే నెల మధ్యాహ్నం, ఆవకాయ పెట్టే రోజు.
పాత్రలు: అత్తగారు, మామగారు, కొత్తల్లుడు, కూతురు.
సామాను: స్టీలు బేసిను, జాడీ, టెంకతో కొట్టిన మామిడికాయ ముక్కలు, పొడి గుడ్డలు, గొడుగు. ఆవపిండి బదులు శనగపిండి వాడాలి, అసలుది కళ్ళలో పడితే షూటింగ్ అక్కడితో సరి.

0–10 సెకన్లు
(అత్తగారు ఒక్కో ముక్కనీ గుడ్డతో తుడుస్తూ, జీడి తీసి, పొర గీకుతోంది. క్లోజప్.)
అత్తగారు: నాలుగు గిన్నెల ముక్కలకి ఆవపిండి గిన్నె, కారం గిన్నె, ఉప్పు గిన్నెకి కాస్త వెలితి. లెక్క తప్పినా సర్దుకోవచ్చు. తడి తగిలిందా, బూజే!
అల్లుడు: నేనూ ఓ చెయ్యి వెయ్యనా అత్తయ్యగారూ?
అత్తగారు: అయ్యో, తప్పకుండా బాబూ. ఏమీ అనుకోకండి, చేతులు చూపించండి.

10–35 సెకన్లు (మాటకో కట్. మధ్యలో సంగీతం వద్దు.)
(అరచేతులు, గోళ్ళ సందులు తుడుస్తుంది. ఉంగరం తీయిస్తుంది.)
అత్తగారు: తలస్నానం చేశారా? మేడమీద ఎండలో ఓ అరగంట నిలబడి రండి.
(కట్. అల్లుడు ఎర్రగా కమిలి, చెమటతో వస్తాడు.)
అత్తగారు: ఇదేంటి, ఇంకా తడిశారు?
అల్లుడు: ఫ్యాను వెయ్యండి!
మామగారు: వేస్తే పిండంతా ఎగిరిపోతుంది.
(అల్లుడు ఆగలేక ఫ్యాను వేసేస్తాడు. పిండి ఎగిరి అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. కూతురు పరుగున వచ్చి గుడ్డ పట్టుకుంటుంది, ఆయన కళ్ళకి కాదు, బేసిను మీద.)
కూతురు: ఏడిస్తే అటు తిరిగి ఏడవండి!
(అల్లుడు తుమ్మబోతాడు. ముగ్గురూ బేసిను ఎత్తుకుని గదిలోకి పారిపోతారు.)

35–48 సెకన్లు
(గది లోపల. మామగారు బేసిను మీద గొడుగు పట్టి నిలబడ్డారు.)
అల్లుడు: మామయ్యగారూ, ఇంట్లో గొడుగేంటండీ?
మామగారు: పోయినేడు జాడీలో బూజొచ్చింది. నేనే తడి గరిటె పెట్టానట. అప్పట్నుంచి వంటింట్లోకి కూడా రానివ్వట్లేదు.
అత్తగారు: సగం జాడీ పారబోశాం! ఆ గొడుగు కాస్త ఇటు వంచండి.

48–60 సెకన్లు
(అత్తగారు పప్పునూనె పోసి కలుపుతుంది. వేలితో కాస్త తీసి నాకుతుంది. కళ్ళు మూసుకుని ఆలోచిస్తుంది. అదే చెయ్యి మళ్ళీ బేసిన్లో. ఇక్కడ కట్ చెయ్యొద్దు, ఒకే షాటు.)
అత్తగారు: ఉప్పు ఇంకాస్త పడాలి.
(మళ్ళీ నాకుతుంది. మళ్ళీ బేసిన్లో. గొడుగు మెల్లగా కిందికి దిగుతుంది.)
మామగారు: ఏమే... పోయినేడు కూడా ఇలాగే రుచి చూశావా?
(రెండు సెకన్ల నిశ్శబ్దం.)
అత్తగారు: అల్లుడుగారూ, మీరు ఇందాక తుమ్మారు కదూ?

(కట్. నలుపు తెర.)