బ్రాండింగ్ మాడ్యూల్ అసైన్‌మెంట్: పూతరేకుల వ్యాపారానికి పేరు ఎంపిక, ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ రక్షణ

ప్రశ్న: మీకు తెలిసిన ఒక చిన్న వ్యాపారానికి బ్రాండ్ పేరు ప్రతిపాదించండి. మాడ్యూల్‌లో నేర్చుకున్న ప్రమాణాలతో ఆ పేరును పరీక్షించి, దానికి చట్టపరమైన రక్షణ ఎలా పొందాలో వివరించండి.

1. ఎంచుకున్న వ్యాపారం

కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో మా పిన్ని, ఆవిడతో పాటు మరో నలుగురు మహిళలు కలిసి పూతరేకులు చేస్తారు. మంట మీద బోర్లించిన కుండపై, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను పరిచి తీస్తే క్షణంలో రేకు వస్తుంది. దానికి నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదార పొడో చల్లి మడత పెడతారు. సరుకు ఇప్పటిదాకా పేరు లేని అట్టపెట్టెల్లో రావులపాలెం, రాజమండ్రి దుకాణాలకు వెళ్తోంది. దుకాణదారు తన స్టిక్కర్ అంటించి అమ్ముకుంటాడు. తిన్నవాళ్లకు నచ్చినా మళ్లీ ఎవరిని అడగాలో తెలియదు. హైదరాబాద్‌కు కొరియర్‌లో నేరుగా పంపాలని అనుకుంటున్నారు కాబట్టి పేరు పెట్టుకోవలసిన సమయం ఇదే.

2. ప్రమాణాలు, వాటి వరుస

మాడ్యూల్‌లో ఆరు ప్రమాణాలు చదివాం: గుర్తుండటం, అర్థం స్ఫురించడం, నచ్చడం, ఇతర ఉత్పత్తులకూ ప్రాంతాలకూ సరిపోవడం, కాలంతో పాటు మారగలగడం, చట్టపరంగా కాపాడుకోగలగడం. పాఠంలో చివర వచ్చే కాపాడుకోగలగడాన్ని చిన్న వ్యాపారులు మొదటే చూసుకోవాలని నా అభిప్రాయం. పెద్ద కంపెనీ మామూలు పేరును కూడా ఏళ్ల తరబడి ప్రకటనలిచ్చి తనదిగా చేసుకోగలదు. ఐదుగురు మహిళల దగ్గర అంత డబ్బు ఉండదు. వాళ్ల పేరు పుట్టుకతోనే వాళ్లదై ఉండాలి.

పేర్లకు చట్టం దృష్టిలో ఒక మెట్ల వరుస ఉంది. అట్టడుగున సరుకు పేరే ఉంటుంది. 'పూతరేకులు' అనే మాట ఎవరి సొత్తూ కాదు. దానిపైన సరుకు గుణాన్నో ఊరునో చెప్పే పేర్లు: 'నేతి రేకులు', 'గోదావరి స్వీట్స్' లాంటివి. 1999 ట్రేడ్‌మార్క్ చట్టంలోని 9వ సెక్షన్ ఇలాంటివాటిని మామూలుగా రిజిస్టర్ చేయనివ్వదు, ఎందుకంటే ఆ మాటలు మిగతా వ్యాపారులకూ కావాలి. ఆ పైన గుణాన్ని సూచనగా తలపించేవి, ఇంకా పైన సరుకుతో సంబంధం లేని మామూలు మాటలు, అన్నిటికంటే పైన కొత్తగా పుట్టించిన మాటలు. 1888లో ఈస్ట్‌మన్ తన కెమెరాలకు పెట్టిన కొడాక్ అనే పేరు ఈ చివరి రకం.

3. వడపోత

పిన్ని వాళ్లు మొదట అనుకున్నది 'ఆత్రేయపురం స్పెషల్ పూతరేకులు'. ఊరంతా వాడుకునే పేరు అది. పైగా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఆ ప్రాంతపు తయారీదారులందరిదీ. వీళ్లు అధీకృత వినియోగదారులుగా నమోదై దాన్ని పెట్టె మీద వాడుకోవచ్చు, వాడుకోవాలి కూడా. సరుకు ఎక్కడిదో అది చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు. రెండోది చెప్పడానికే బ్రాండ్ పేరు.

రెండో ఆలోచన దేవుడి పేరు. మన దగ్గర పది స్వీటు దుకాణాలుంటే సగం వాటికి దేవుళ్ల పేర్లే. భక్తితో పెట్టుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ పేరు ఒక్కరి సొంతం కాలేదు. అగరుబత్తుల విషయంలో 'రామాయణ్' అనే పేరుపై వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 2015లో, పవిత్ర గ్రంథం పేరు మీద ఒక్కరే హక్కు కోరలేరని చెప్పింది. లక్ష్మి, వెంకటేశ్వర పేర్లతో ఇప్పటికే ఎన్నో దుకాణాలు ఉన్నాయి. కొరియర్ పెట్టె అందుకున్న కొనుగోలుదారుకు అవన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మూడోది నేను సూచించిన 'బోర్లకుండ'. తయారీ కళ్లకు కడుతుంది, బొమ్మగా వేస్తే బాగుంటుంది, రక్షణ కూడా దొరకొచ్చు. అయితే మా పిన్ని వినగానే "వ్యాపారం మొదలుపెడుతూ బోర్లాపడే పేరా?" అంది. ఆవిడ మాటే సరైనది. నచ్చడం అనే ప్రమాణంలో ఓడిన పేరును మిగతా ఐదూ నిలబెట్టలేవు.

చివరికి తేలింది 'జాజిరేకు'. మల్లెజాతి పువ్వు తెలుపు, పల్చదనం తలపుకు వస్తాయి. రేకు అంటే పూరేకూ అవుతుంది, పూతరేకూ గుర్తొస్తుంది. నాలుగక్షరాలు, ఫోన్‌లో ఒకసారి చెబితే చాలు. ఇంగ్లీషులో Jajireku అని రాస్తే తెలుగు రానివాళ్లు కూడా దాదాపు సరిగ్గానే చదువుతారు. రేపు కాజాలో సున్నుండలో చేసినా పూరేకు అర్థం వల్ల పేరు అడ్డురాదు. బలహీనత ఒకటి ఉంది: 'రేకు' అనే భాగం మీద విడిగా హక్కు రాదు, మొత్తం మాట మీదే వస్తుంది.

4. రక్షణ

ముందు వెతకాలి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లోని ఉచిత సెర్చ్‌లో అక్షరాలతోనే కాకుండా ఉచ్చారణతోనూ చూడాలి: జాజిరేఖ, జాజిరేకా, జాజీరేకు. ఉచ్చారణ ఎందుకంటే, కొనేవాడు రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పోల్చడు. అమృతధార, లక్ష్మణధార మందుల కేసులో సుప్రీంకోర్టు 1962లో ఇదే చెప్పింది. పేరును ముక్కలు చేసి చూడకూడదు, సగటు తెలివి, అంతంతమాత్రపు జ్ఞాపకం ఉన్న కొనుగోలుదారు చెవికి మొత్తం పేరు ఎలా వినిపిస్తుందో చూడాలి. అక్కడ ఆ రెండు పేర్లూ పొరపాటు పడేంత దగ్గరగా ఉన్నాయని తేల్చింది.

దగ్గరి పేరు లేకపోతే టీఎం-ఏ అనే ఫారంలో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. రిజిస్ట్రీ సరుకులను తరగతులుగా విడదీస్తుంది, మిఠాయిలు 30వ తరగతి కిందికి వస్తాయి. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలో ఉంటాయి. ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు తరగతికి రూ. 4,500, మిగతావారికి రూ. 9,000. చిన్న సంస్థగా రాయితీ కావాలంటే, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు చూపాలి. డబ్బు తక్కువ కాబట్టి లోగో కంటే ముందు పేరునే పదంగా నమోదు చేయించడం మేలు. బొమ్మ, రంగు తర్వాత మార్చుకున్నా హక్కు చెదరదు. తెలుగు లిపిలో వేస్తే లిప్యంతరం, అర్థం జతచేయాలి.

దరఖాస్తు ఎవరి పేరు మీద అన్నది ఇక్కడ అసలు చిక్కు. పని తొందరలో ఐదుగురిలో చదువుకున్న ఒకరి పేరు మీద వేసేస్తే, రేపు మాట తేడా వచ్చిన రోజున మిగతా నలుగురూ తమ కష్టంతో పెరిగిన పేరుకు పరాయివాళ్లవుతారు. అందుకే ముందు భాగస్వామ్య ఒప్పందం రాసుకుని, సంస్థ తరఫున దరఖాస్తు చేయాలని నా సిఫారసు.

దరఖాస్తును చూసి రిజిస్ట్రీ ఇచ్చే పరిశీలన నివేదికలో అభ్యంతరాలుంటే గడువులోగా జవాబివ్వాలి. ఆమోదించిన పేరు రిజిస్ట్రీ వారి ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల్లో ఎవరైనా వ్యతిరేకించవచ్చు. రిజిస్టర్ అయితే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పదేసి ఏళ్లకు పొడిగించుకోవచ్చు. అప్పటిదాకా పెట్టె మీద టీఎం గుర్తు వాడొచ్చు. వృత్తంలో ఆర్ గుర్తు రిజిస్ట్రేషన్‌కు ముందు వేయడం చట్టప్రకారం తప్పు.

రిజిస్ట్రేషన్ లేకపోయినా, వాడుకతో పేరు సంపాదించుకున్నవారు ఇంకొకరు ఆ పేరుతో చెలామణీ అవుతుంటే కోర్టుకు వెళ్లవచ్చు. అయితే ఆ మంచిపేరును సాక్ష్యాలతో నిరూపించాలి. కాబట్టి పిన్ని వాళ్లు మొదటి పెట్టె నుంచే తేదీ ఉన్న బిల్లులు, కొరియర్ రసీదులు, లేబుల్ ఫోటోలు ఒక ఫైలులో దాచాలి. రిజిస్టర్ చేసి ఐదేళ్లకు మించి వాడకుండా వదిలేసినా పేరును తొలగించమని ఇతరులు కోరవచ్చు కనుక, పండగల సీజన్‌లో మాత్రమే అమ్మినా ఏటా బిల్లులు ఉండేలా చూసుకోవాలి.