కౌంటర్ దాటినాక మీ గుడ్డకు ఏమైతది: లేడీస్ టైలరింగ్ షాపుకు తెర వెనుక వీడియో

షాపు: మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర, రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్.
నిడివి: 90 సెకన్లు, ఫోన్ నిలువుగా పట్టి. గొంతు షాపు అక్కదే, మాట పాలమూరు మాటే.

ఒక గద్వాల చీర బ్లౌజు పీసు కౌంటర్ మీద పడ్డప్పటి నుంచి హుక్కులు పడేదాకా దాని వెంటే నడుస్తాం. కుట్టిన బ్లౌజులు హ్యాంగర్‌కు తగిలించి చూపే వీడియోలు అందరికీ ఉన్నాయి. పీసు మారుతదా, మిగిలిన ముక్క ఏమైతది, చెప్పిన రోజుకు ఇస్తరా అనే మూడు అనుమానాలు మాత్రం వాటితో తీరవు.

మొదటి షాట్, 12 సెకన్లు. పీసు విప్పి టేపు పెట్టి కొలవాలి. చిట్టీ మీద నంబరు, పొడవు, ఇచ్చే తేదీ రాసి, అదే నంబరు చిట్టీ పీసు మూలకు గుండుసూదితో గుచ్చాలి. కొలతల పుస్తకం, ఫోన్ నంబర్లు ఫ్రేములోకి రావద్దు. మనిషికి టేపు పెట్టి కొలిచేది అసలే తీయొద్దు, ఆది జాకెట్టు పరిచి కొలిస్తే చాలు.
గొంతు: "మీ పీసు 80 సెంటీమీటర్లు ఉంటే చిట్టీ మీద 80 అనే రాస్తం. సగం చిట్టీ మీకు, సగం పీసుకు."

రెండోది, 15 సెకన్లు: లైనింగ్. బకెట్లో నానుతున్న కాటన్ లైనింగ్, నీడకు ఆరేసింది, ఇస్త్రీ, మూడూ వరుసగా. రెండు మూడు గంటలు నాననియ్యకుండా కోస్తే మొదటి ఉతుకులోనే లైనింగ్ గుంజుకుంటది, పైగుడ్డ ముడతలు పడుతది. కస్టమర్ మాత్రం ఫిట్టింగే పాడైందనుకుంటది. ఇక్కడ పాట పెట్టొద్దు, నీళ్ల చప్పుడే ఉండనివ్వండి.

మూడో షాట్‌కు 25 సెకన్లు ఇవ్వాలి, వీడియోకు ఇదే ప్రాణం. బల్ల మీద పీసు, పైనుంచి ఫోన్. చాక్‌తో చేతులు గీస్తూ చెప్పాలి.
గొంతు: "బార్డర్ పొడవు 31 అంగుళాలు. ఒక్కో చేతి చుట్టుకు మార్జిన్‌తో కలిపి 15 పోతది. రెండు చేతులకే ఈ అంచు అయిపోయె. అందుకే చేతులు ఇంకా పొడుగు పెట్టొచ్చుగానీ, ఇంకా వెడల్పు కావాలంటే అతుకు పడుతది. ఆ అతుకు ఎక్కడ వస్తదో కోసే ముందే ఫోన్ చేసి చెప్తం."
కత్తెర పడే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఎడిటింగ్‌లో ఆ ఆగడాన్ని కోసెయ్యొద్దు.

నారాయణపేట చీర పీసు అయితే ఇక్కడే ఇంకో పరీక్ష కలపొచ్చు. తడి తెల్లగుడ్డతో మూలన రుద్దితే రంగు అంటుతదో లేదో తెలుస్తది. అంటితే తెల్ల లైనింగ్ వేయొద్దు, సంగతి ముందే చెప్పాలి.

నాలుగోది, 15 సెకన్లు: తిరగేసిన బ్లౌజు. పక్క కుట్ల దగ్గర లోపల వదిలిన అంగుళం మార్జిన్, ఓవర్‌లాక్ అంచు, చంక దగ్గర రెండో కుట్టు. ఫోన్ జానెడు దూరంలో ఉండాలి.
గొంతు: "బరువు పెరిగితే ఈ అంగుళమే అక్కరకొస్తది. పట్టు మీద కుట్టు విప్పితే సూది రంధ్రాలు కనబడ్తయి, అందుకే సన్న సూది పెడ్తం, ముందుగాల వేస్టు ముక్క మీద కుట్టి చూస్తం."

చివరి 23 సెకన్లు. చేత్తో హుక్కులు కుడుతున్న వేళ్లు, తర్వాత మిగిలిన ముక్కలన్నీ అదే నంబరు కవర్లో వేయడం. చారెడు ముక్కయినా వేయాలి, అది చూస్తేనే నమ్ముతరు.
గొంతు: "పండుగ ముంగట రోజుకు ఇన్నే బ్లౌజులు తీసుకుంటం. ఆ లెక్క దాటితే తర్వాతి తేదీ ఇస్తం. రేపే ఇస్తమని ఊరికే చెప్పం."
ఇది నిజంగా పాటించే లెక్కయితేనే వీడియోలో ఉంచండి. బతుకమ్మ ముందు వారం ఒక్కరికి తప్పినా ఇదే వీడియో తెచ్చి ముఖం మీద చూపిస్తరు.

తీసేటప్పుడు: ఉదయం తలుపు వెలుతురులో తీయండి. ట్యూబులైటు కింద ఫోన్‌లో గీతలు పారితే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. మెరూన్, ఎరుపు పట్టు ఫోన్‌లో ఒకేలా కనిపిస్తాయి, పక్కన తెల్ల కాగితం పెట్టి రంగు సరిచూసుకోండి. గొంతు విడిగా, ఫ్యాన్ ఆపి రికార్డు చేయాలి. పీసు ఎవరిదో వాళ్లను ముందే అడగాలి. వద్దంటే షాపు సొంత పీసు కొని తీయండి.

దసరాకు నెల ముందు పెట్టాలి. కింద రాసేది: "పాత జాకెట్టు ఒకటి వెంట తెండి. చిట్టీ లేకుండా పీసు ఇచ్చి పోవద్దు."