వంకాయ పాలీఫినాల్ ఆక్సిడేజ్ చర్యపై ఉప్పు గాఢత, పీహెచ్‌ల ప్రభావం

బి.ఎస్సీ. చివరి సంవత్సరం, జీవరసాయన శాస్త్రం ప్రాజెక్టు నివేదిక

మొదటి అధ్యాయం: పరిచయం

అన్నం ముద్దను మింగకుండా కాసేపు నములుతూ ఉంటే మెల్లగా తియ్యదనం తెలుస్తుంది. బియ్యంలోని పిండి పదార్థాన్ని లాలాజలంలోని అమైలేజ్ మాల్టోజ్ వంటి చిన్న చక్కెరలుగా విడగొట్టడం దీనికి కారణం. అదే పిండి పదార్థాన్ని ప్రయోగశాలలో విడగొట్టాలంటే ఆమ్లం కలిపి మరిగించాలి. నోట్లో ఆమ్లమూ లేదు, మరిగే వేడీ లేదు. ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరే ఆ పని నిమిషాల్లో జరిగిపోతుంది. జీవకణాలలో జరిగే రసాయన చర్యలలో చాలా వాటి సంగతి ఇంతే. వాటంతట అవి జరగాలంటే పట్టే కాలం జీవానికి సరిపోదు. వాటికి వేగం ఇచ్చేవి ఎంజైములు.

ఎంజైమ్ ఒక ఉత్ప్రేరకం. చర్య మొదలు కావడానికి దాటవలసిన ఉత్తేజన శక్తిని అది తగ్గిస్తుంది. చర్య పూర్తయ్యాక తాను మారకుండా మిగిలి, మరో అణువును అందుకుంటుంది. ఈ పనికి బతికి ఉన్న కణమే కావాలని ఒకప్పుడు చాలామంది నమ్మారు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును నూరి, కణాలేవీ లేకుండా వడకట్టిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని చూపించాడు. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్‌ను స్ఫటికాలుగా వేరు చేసి అది ప్రోటీన్ అని తేల్చాడు. మా ప్రయోగం ఈ రెండింటి మీదా నిలబడి ఉంది. కూరగాయను నూరి తీసిన రసంలో ఎంజైమ్ ఇంకా పనిచేస్తుంది, కాబట్టి దాన్ని గాజు గొట్టంలో కొలవగలం. అది ప్రోటీన్ కాబట్టి, చుట్టూ ఉన్న ద్రావణం మారితే దాని పనితనం మారుతుంది.

ఎంజైమ్ తన అధస్థ పదార్థాన్ని పట్టుకునే చిన్న గుంటను చర్యా స్థానం అంటారు. అక్కడ ఏ అమైనో ఆమ్లానికి ఆవేశం ఉంది, దేనికి లేదు అన్నది పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ప్రతి ఎంజైమ్‌కూ అనుకూలమైన పీహెచ్ ఒకటి ఉంటుంది. కడుపులో పెప్సిన్ పీహెచ్ 2 దగ్గర చురుగ్గా ఉంటే, చిన్నపేగులో ట్రిప్సిన్‌కు 8 దగ్గర అనుకూలం. వేడి పెరిగితే వేగం కొంతవరకు పెరిగి, ప్రోటీన్ ఆకారం చెడగానే పడిపోతుంది. అధస్థ పదార్థం పెంచుతూ పోతే వేగం ఒక గరిష్ఠ స్థాయి దగ్గర ఆగుతుంది. దీన్ని 1913లో మైకేలిస్, మెంటెన్ సమీకరణంగా రాశారు. వీటితో పాటు నిరోధకాలు కూడా ఉన్నాయి. ఇవి ఎంజైమ్‌ను పట్టుకుని దాని చర్యను తగ్గిస్తాయి. నిరోధకం ఎప్పుడూ అరుదైన రసాయనమో విషమో కానవసరం లేదు. వంటింట్లో ఉప్పుడబ్బాలో ఉన్నది కూడా కొన్ని ఎంజైములకు నిరోధకమే.

అలాంటి ఎంజైములలో ఒకటి పాలీఫినాల్ ఆక్సిడేజ్. ఆపిల్, అరటి, బంగాళాదుంప కోసి పెడితే నల్లబడటానికి ముఖ్య కారణం ఇదే. దీని చర్యా స్థానంలో రెండు రాగి అయాన్లు ఉంటాయి. ఒక్కో అయాన్‌ను మూడేసి హిస్టిడిన్‌లు పట్టుకుని ఉంచుతాయి. గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుని ఈ రాగి జంట ఫినాల్ పదార్థాలను క్వినోన్‌లుగా మారుస్తుంది. ఎంజైమ్ చేసే పని అంతవరకే. ఆ తరువాత క్వినోన్‌లు ఎంజైమ్ సాయం లేకుండానే ఒకదానితో ఒకటి, చుట్టూ ఉన్న ప్రోటీన్లతో కలిసి గోధుమ, నలుపు రంగు పదార్థాలు అవుతాయి. కాయ కోయనంతకాలం ఈ చర్య పెద్దగా జరగదు. ఎందుకంటే ఫినాల్‌లు కణంలోని రిక్తికలో ఉంటాయి, ఎంజైమ్ ప్లాస్టిడ్‌లలో ఉంటుంది. కత్తి పడి గోడలు తెగినప్పుడు రెండూ కలుస్తాయి, గాలి కూడా తోడవుతుంది. ఈ చర్య అన్నిచోట్లా చెడ్డది కాదు. తేయాకుకు నల్ల టీ రంగు, రుచి రావడానికి ఇదే ఎంజైమ్ కావాలి. కూరగాయలు, పండ్ల విషయంలో మాత్రం రంగు మారిన ముక్కను ఎవరూ ఇష్టపడరు.

వంకాయలో ఈ మార్పు చాలా త్వరగా కనిపిస్తుంది. వంకాయ గుజ్జులో ఫినాల్ పదార్థాలు ఎక్కువ, వాటిలో ప్రధానమైనది క్లోరోజెనిక్ ఆమ్లం. తెల్లగా ఉన్న ముక్క మనం పోపు పెట్టేలోపే మచ్చలు తేలుతుంది. కనరెక్కింది అంటారు మన ఇళ్ళలో. అందుకే గుత్తి వంకాయకైనా వేపుడుకైనా, కోసిన కాయను కోసినట్టే ఉప్పు వేసిన నీళ్ళలో పడేస్తారు. అరటిపువ్వునూ అరటికాయనూ అయితే మజ్జిగ కలిపిన నీళ్ళలో వేస్తారు. ఒకటి ఉప్పు, మరొకటి పులుపు. ఈ రెండు అలవాట్ల వెనుక తరాల అనుభవం ఉందని మేము నమ్ముతాం. ఆ అనుభవాన్ని కొలతల్లోకి తేవాలన్న కోరికే ఈ ప్రాజెక్టుకు మూలం.

ఉప్పు ఎలా పనిచేస్తుందో కొంతవరకు తెలిసిన సంగతే. క్లోరైడ్ వంటి హాలైడ్ అయాన్లు పాలీఫినాల్ ఆక్సిడేజ్‌ను నిరోధిస్తాయి, చర్యా స్థానంలోని రాగితో జతపడటం వల్ల ఇది జరుగుతుందని వివరణ. ఈ నిరోధం ఆమ్ల ద్రావణంలో బలంగా, తటస్థానికి దగ్గరైనకొద్దీ బలహీనంగా ఉంటుందని పలు మొక్కల ఎంజైములలో గమనించారు. అంటే ఉప్పూ పులుపూ వేరువేరుగా పనిచేసేవి మాత్రమే కాకపోవచ్చు. రెండూ కలిసినప్పుడు ఒకదాని బలం మరొకదానివల్ల పెరుగుతుందా అన్నది కొలిచి చూడదగిన ప్రశ్న.

అయితే గిన్నెలో నానుతున్న ముక్కను చూసి దీనికి జవాబు చెప్పలేం. ముక్క నీటిలో మునిగి ఉంటే దానికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. ఉత్త నీళ్ళలో వేసినా నల్లబడటం కొంత నెమ్మదిస్తుంది. కోసిన చోటునుంచి ఎంజైమ్, ఫినాల్‌లు నీటిలోకి కొట్టుకుపోతాయి కూడా. కాబట్టి ముక్క తెల్లగా ఉందంటే అందులో ఉప్పు వాటా ఎంత, నీటి వాటా ఎంత అని విడదీయడం కష్టం. ఎంజైమ్‌ను రసంగా తీసి, ఒకే పరిమాణం ద్రావణంలో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర పరీక్షిస్తే గొట్టాలన్నింటికీ మొదట అందే ఆక్సిజన్ దాదాపు ఒకేలా ఉంటుంది. అప్పుడు కనిపించే తేడాను ఉప్పుకు, పీహెచ్‌కు ఆపాదించడానికి వీలుంటుంది.

పులుపు కోసం నిమ్మరసమో చింతపండు రసమో వాడితే వంటింటికి దగ్గరగా ఉండేది. మేము మొదట అలాగే అనుకున్నాం. కానీ నిమ్మరసంలో ఆస్కార్బిక్ ఆమ్లం ఉంది. అది ఏర్పడిన క్వినోన్‌ను తిరిగి ఫినాల్‌గా మార్చేస్తుంది. ఎంజైమ్ చక్కగా పనిచేస్తూనే ఉన్నా రంగు రాదు, మనం దాన్ని నిరోధం అని పొరబడతాం. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం కూడా రాగి అయాన్లను పట్టుకోగలదు. చింతపండు రసానికి సొంత రంగు ఉంది కాబట్టి కాంతి శోషణను కొలిచే పద్ధతిలో అది అడ్డే. అందువల్ల పీహెచ్ 4.5, 5.5 లకు అసిటేట్ బఫర్, 6.5 కు ఫాస్ఫేట్ బఫర్ ఎంచుకున్నాం. బఫర్ మారినప్పుడు వచ్చే తేడా ఉప్పు ఖాతాలో పడకూడదు. అందుకని ఒక్కో పీహెచ్‌లో ఉప్పు లేని గొట్టాన్ని నూరు శాతంగా తీసుకుని, మిగిలినవాటిని దానితోనే పోలుస్తాం.

ఉప్పు గాఢతలను వంటింటి కొలతనుంచే తెచ్చుకున్నాం. అర లీటరు నీటికి ఒక చెంచా, అంటే సుమారు 6 గ్రాముల ఉప్పు వేస్తే లీటరుకు 12 గ్రాములు అవుతుంది. సోడియం క్లోరైడ్ అణుభారం 58.44 కాబట్టి ఇది దాదాపు 0.2 మోలార్. దీన్ని మధ్యలో ఉంచి, కింద 0.05, 0.1, పైన 0.4, 0.8 మోలార్ తీసుకున్నాం. ఇక్కడ ఇంకో అనుమానం తీరాలి. తగ్గుదల కనిపిస్తే అది క్లోరైడ్ వల్లా, లేక ద్రావణంలో అయాన్లు పెరగడం వల్లా? దీనికోసం 0.067 మోలార్ సోడియం సల్ఫేట్‌ను విడిగా పరీక్షిస్తాం. దాని అయానిక బలం 0.2 మోలార్ ఉప్పుతో సమానం, కానీ అందులో క్లోరైడ్ ఉండదు.

చర్యను కొలవడానికి అధస్థ పదార్థంగా 10 మిల్లీమోలార్ కాటికాల్ వాడతాం. వంకాయలో సహజంగా ఉండేది క్లోరోజెనిక్ ఆమ్లమే అయినా, కాటికాల్ నుంచి వచ్చే రంగును 420 నానోమీటర్ల దగ్గర సులువుగా కొలవవచ్చు, మా ప్రయోగశాలలో అది అందుబాటులో ఉంది కూడా. కాయలోని సొంత ఫినాల్‌లు కొలతలో కలవకుండా రసం తీసేటప్పుడే పాలీవినైల్ పైరోలిడోన్ కలుపుతాం. రంగు పెరుగుదల సరళరేఖలో ఉన్న మొదటి నిమిషాన్నే లెక్కలోకి తీసుకుంటాం. ఆలస్యమైన కొద్దీ క్వినోన్‌లు ముదురు పదార్థాలుగా మారిపోతాయి, ఎంజైమ్ కూడా తన పనిలో తానే దెబ్బతింటుంది. నిమిషానికి 0.001 శోషణ పెరుగుదలను ఒక ఎంజైమ్ యూనిట్‌గా తీసుకుంటున్నాం.

ఈ నేపథ్యంలో మా ప్రయోగ లక్ష్యం ఇది: రైతుబజారులో కొన్న లేత ఊదారంగు గుండ్రటి వంకాయల గుజ్జు నుంచి తీసిన పాలీఫినాల్ ఆక్సిడేజ్ తొలి వేగాన్ని, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 0 నుంచి 0.8 మోలార్ వరకు సోడియం క్లోరైడ్ సమక్షంలో, పీహెచ్ 4.5, 5.5, 6.5 లలో కొలిచి, ఒక్కో పీహెచ్‌లో చర్యను సగానికి తగ్గించే ఉప్పు గాఢత ఎంతో కనుక్కోవడం.

ఉప్పు గాఢత పెరిగే కొద్దీ మిగిలే చర్య తగ్గుతుందని, చర్యను సగానికి తగ్గించే గాఢత పీహెచ్ 4.5 లో అన్నిటికంటే తక్కువగా, 6.5 లో అన్నిటికంటే ఎక్కువగా ఉంటుందని మా పరికల్పన. మూడు పీహెచ్‌లలోనూ ఆ విలువ ఒకేలా వస్తే, ఉప్పు ప్రభావానికి పీహెచ్‌తో సంబంధం లేదని ఒప్పుకోవాలి. సోడియం సల్ఫేట్ కూడా ఉప్పంతగానే చర్యను తగ్గిస్తే, క్లోరైడ్ రాగితో జతపడటం అన్న వివరణను ఈ ఫలితాలకు వర్తింపజేయలేం.