తోడు దొరికితే సరి, ఒకటి మిగిలితే బేసి

ఒకటో తరగతి, తెలుగు విభాగం, చెన్నై
గోడ చార్టు: 4 షీట్లు. రోజుకి ఒక షీటు, వేలు పెట్టి చదువుతూ.

షీటు 1: చెప్పులు చెప్పిన మాట

పిల్లలూ, మన క్లాసు గుమ్మం వైపు చూడండి. బయట ఎన్ని చెప్పులున్నాయి? అబ్బో, చాలా! ఇప్పుడే లెక్కపెట్టొద్దు. ముందు ఒక్కో చెప్పు పక్కన దాని తోడు చెప్పు పెట్టండి.

అన్నిటికీ తోడు దొరికిందా? అయితే సరి.
ఒక్కటి మిగిలిపోయిందా? అయితే బేసి.

మొన్న పెద్ద వాన పడిన రోజు ఒక్క చెప్పు మిగిలింది, గుర్తుందా? నీలం రంగుది, పట్టీ మీద తెల్లపువ్వు ఉన్నది. దాని తోడు మెట్ల కింద నీళ్లలో దొరికింది. తెచ్చి పక్కన పెట్టగానే బేసి కాస్తా సరి అయిపోయింది. ఎన్ని చెప్పులున్నాయో ఆ రోజు మనలో ఎవరూ లెక్కపెట్టలేదు. అయినా సరో బేసో అందరూ చెప్పేశారు!

ఇదే మన మంత్రం. పెద్దగా చదవండి:

ముందు జత. తర్వాత లెక్క.

ఇప్పుడు పాట. చేతిలో గింజలు పట్టుకుని పాడండి.

గింజా గింజా, తోడేదీ?
పక్కనే ఉంది, చూడిది!
అన్నీ జతలే, మిగల్లేదు
సరి సరి సరి!

గింజా గింజా, తోడేదీ?
ఎంత వెతికినా లేదిది!
ఒక్కటి మిగిలి నవ్వింది
బేసి బేసి బేసి!

మిగిలిన గింజ ఎందుకు నవ్విందో తెలుసా? అది ఏడవాల్సిన పనేం లేదు. ఇంకో గింజ వస్తే చాలు, దానికీ తోడు దొరుకుతుంది. మన ఆటల్లో ఒంటరిగా మిగిలిన వాళ్లు ఓడిపోయినట్టు కాదు. తర్వాతి ఆటకి చప్పట్లు కొట్టేది వాళ్లే.

షీటు 2: గింజల మెట్లు

మీ డబ్బాలో 20 చింతగింజలున్నాయి. చింతగింజలు లేని వాళ్లకి సీసా మూతలున్నాయి. నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకోకూడదు. చేతిలోనే ఉండాలి.

రెండేసి చొప్పున కింద పరచండి, ఇలాగ:

1 ●  (బేసి)

2 ●●  (సరి)

3 ●●
   ●  (బేసి)

4 ●●
   ●●  (సరి)

5 ●●
   ●●
   ●  (బేసి)

6 ●●
   ●●
   ●●  (సరి)

7, 8, 9, 10 మీరే పేర్చండి. కళ్లు మూసుకుని, పేర్చిన గింజల కింది అంచు మీద మెల్లగా వేలు జరపండి. రెండు గింజలు తగిలితే సరి. ఒక్కటే తగిలితే బేసి. వేలికే తెలిసిపోతుంది!

ఇంకో సంగతి గమనించండి. ఒక గింజ కలిపినప్పుడల్లా మారిపోతోంది. బేసి, సరి, బేసి, సరి... రెండు సరి సంఖ్యలు పక్కపక్కనే ఎప్పుడూ రావు. కావాలంటే 20 దాకా పేర్చి చూడండి.

ఒక మంచి ప్రశ్న. మన క్లాసులో ఒక పాప అడిగింది: "టీచర్, 6లో మూడు జతలున్నాయి కదా! మూడు బేసి. మరి 6 కూడా బేసేనా?"

ఎంత బాగా ఆలోచించిందో! అందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు 6 గింజలు పెట్టండి. జతలు మూడు, నిజమే. మరి తోడు లేని గింజ ఉందా? లేదు. మనం అడిగేది "జతలు ఎన్ని?" అని కాదు, "ఏదైనా మిగిలిందా?" అని. ఏదీ మిగల్లేదు. అందుకే 6 సరి. ఇప్పుడు 10 పెట్టండి. జతలు ఐదు. మిగిలింది ఏదీ లేదు. 10 కూడా సరే.

ఇంకా మంచి ప్రశ్న. గుప్పిట తెరిస్తే ఒక్క గింజా లేదు. అంటే సున్నా. సున్నా సరా, బేసా?
మిగిలిన గింజ ఉందా? లేదు. అయితే సున్నా సరి!
1 బేసి కాబట్టి దాని ముందు మెట్టు సరే కదా. మెట్లు కూడా అదే చెబుతున్నాయి.

10 దాటితే? 13 పేర్చండి. ముందు 10 పెట్టండి. ఆ పదిలో అందరికీ తోడుంది, ఇక వాటి జోలికి పోనక్కర్లేదు. మిగతా 3 మాత్రం చూడండి. ఒకటి మిగిలింది, 13 బేసి. 16కి అలాగే 6 చూస్తే చాలు. 19కి? మీరే చెప్పండి.

షీటు 3: ఆటలు

తోడు పట్టు
అందరూ తిరుగుతూ ఉండాలి. చప్పట్లు కొట్టగానే దగ్గరున్న వాళ్ల చెయ్యి పట్టుకోవాలి. మనం 23 మందిమి. అందరూ వచ్చిన రోజు 11 జతలు కట్టాక ఒకరు మిగులుతారు. అప్పుడు టీచర్ వచ్చి వాళ్ల చెయ్యి పట్టుకుంటే? 24 మందిమి అయ్యాం, సరి! గిండీ చిల్డ్రన్స్ పార్కుకి వెళ్లినప్పుడు మనం వరసలో నడిచింది ఇలాగే.
రోజూ హాజరు అయ్యాక ఈ ఆట ఆడదాం. ఈ రోజు మన క్లాసు సరా, బేసా? బోర్డు మీద రాద్దాం.

గుప్పిట ఆట: సరా, బేసా?
ఇద్దరు ఆడాలి. ఒకరు కొన్ని గింజలు గుప్పిట్లో దాచి "సరా, బేసా?" అని అడగాలి. రెండోవాళ్లు చెప్పాలి. గుప్పిట తెరిచి జతలు పెట్టి చూడాలి. సరిగ్గా చెప్తే ఒక గింజ వాళ్లది. తప్పు చెప్తే ఒక గింజ ఇచ్చేయాలి.
పక్కింటి తమిళ స్నేహితులతో కూడా ఆడండి. వాళ్లు "ఒత్తయా, రెట్టయా?" అని అడుగుతారు. ఒత్తై అంటే మన బేసి. రెట్టై అంటే మన సరి. భాషే వేరు, ఆట ఒక్కటే. ఈ ఆట మీ అమ్మమ్మలూ ఆడే ఉంటారు, అడిగి చూడండి.

వేళ్ల ఆట
ఇద్దరూ చెయ్యి వెనక దాచాలి. "ఒకటి, రెండు, మూడు!" అనగానే కొన్ని వేళ్లు చూపించాలి. నీ వేలికి నా వేలు తోడు కలుపుతూ పోవాలి. మొత్తం సరి వస్తే ఒకరికి పాయింటు, బేసి వస్తే ఇంకొకరికి.
పది సార్లు ఆడాక ఒక రహస్యం బయటపడుతుంది. నువ్వు 3 చూపించావు. నీ దగ్గర ఒక వేలు మిగిలింది. నేను 5 చూపించాను. నా దగ్గరా ఒక వేలు మిగిలింది. నీ ఒంటి వేలు, నా ఒంటి వేలు జత కలిశాయి! 8, సరి.

బేసి + బేసి = సరి
సరి + సరి = సరి
సరి + బేసి = ?

చివరిది ఇక్కడ రాయలేదు. ఆడి చూసి మీరే చెప్పండి.

వామనగుంటల పీట ఇంట్లో ఉందా? తమిళంలో దాన్నే పల్లాంగుళి అంటారు. ఒక వరసలో 7 గుంటలు, బేసి. ఇంకో వరసలో 7 గుంటలు, అదీ బేసి. రెండూ కలిపితే 14. మన వేళ్ల రహస్యం ఇక్కడా దాక్కుంది!

గెంతు బాట
వరండాలో సుద్దముక్కతో 1 నుంచి 20 దాకా గీసిన గళ్లున్నాయి. సరి గడిలో రెండు కాళ్లు. బేసి గడిలో ఒంటికాలు. వాన పడితే ఈ ఆట ఉండదు.

షీటు 4: మన ఊళ్లో వెతుకుదాం

ఒక్కొక్కటీ చూసి, ఎన్ని ఉంటే అన్ని గింజలు తీసి, జతలు పెట్టి చెప్పండి.

ఆటోకి చక్రాలు 3. రెండు ఆటోలు పక్కపక్కనే ఆగితే?
ఆవుకి కాళ్లు 4.
మందార పువ్వుకి రేకులు 5. (ఒంటిరేక మందారం తెచ్చుకోండి. ముద్దమందారం రేకులు లెక్కపెడుతూ కూర్చుంటే బెల్లు కొట్టేస్తారు!)
చీమకి కాళ్లు 6.
సాలీడుకి కాళ్లు 8.
చదరంగం బల్లలో ఒక వరసకి గళ్లు 8.
నీ ముక్కు ఎన్ని? నీ చెవులు ఎన్ని?

అమ్మ 7 ఇడ్లీలు పెట్టింది. అన్నకి, చెల్లికి సమానంగా పంచాలి. అన్నకొకటి, చెల్లికొకటి, అన్నకొకటి, చెల్లికొకటి... ఒక్కో విడతకి రెండు ఇడ్లీలు, అంటే ఒక జత! చివరికి చెరి 3, గిన్నెలో ఒకటి మిగిలింది. 7 బేసి. ఆ ఒక్క ఇడ్లీని ఏం చేద్దాం? తుంచి చెరి సగం తినొచ్చు. గింజని మాత్రం తుంచలేం.

ఇంట్లో పెద్దవాళ్లకి (చార్టు కింది పట్టీ)

నమస్కారం. దయచేసి "2, 4, 6, 8 సరి" అని ముందే బట్టీ పట్టించకండి. అలా నేర్చుకున్న పిల్లలు 8 దాకా గడగడా చెప్పి, 15 దగ్గర ఆగిపోవడం మేం చూశాం. రెండు వారాలు గింజలే ఆడనివ్వండి. చివరి అంకె చూసి చెప్పే పద్ధతి వాళ్లే కనిపెడతారు. కనిపెట్టిన రోజు వాళ్ల మొహం చూడాలి!

పప్పు డబ్బా పక్కన కూర్చోబెట్టి శనగలు జత పెట్టించినా చాలు. ఉతికిన సాక్సులు జత చేసే పని వాళ్లకే అప్పగించండి. తప్పు చెబితే "కాదు" అనకుండా "తోడు పెట్టి చూపించు" అనండి. పిల్లలు తమంతట తామే దిద్దుకుంటారు. చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంట్లో గింజలు కాకుండా పెద్ద సైజు మూతలు వాడండి.

పెళ్లికి వెళ్లినప్పుడు ఒక ముచ్చట చెప్పండి. మన వాళ్లు చదివించే నూటపదహార్లు సరి సంఖ్య. కొందరు ఇచ్చే 101 బేసి. అంత పెద్ద సంఖ్యలు పిల్లలకి ఇప్పుడే వద్దు గానీ, ఆ కవరులో ఉన్న ఒక్క రూపాయి బిళ్లకి తోడు ఉందో లేదో వెతకమంటే సంబరంగా వెతుకుతారు.

రేపటి పని
ఇంటి నుంచి ఒక గుప్పెడు ఏదైనా తీసుకురండి: బటన్లు, గవ్వలు, ఎండిన ఆకులు, బస్ టికెట్లు. లెక్కపెట్టి తేవద్దు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, జతగా పెట్టి, లోపలికి రండి. మీ గుప్పిట పట్టుకుని మేం అడుగుతాం: సరా, బేసా?